ఉద్యోగం ఇచ్చాం, జవాబు లేదు



ఉద్యోగం కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిపోయినవాళ్ళ కథలు మీరు చాలా విన్నారు. ఇవాళ నేను బల్లకు అవతలివైపు కూర్చున్నవాడి సంగతి చెప్పబోతున్నాను. ఇంటర్వ్యూ చేసి, మనిషి నచ్చి, 'ఈ ఉద్యోగం మీకే ఇస్తున్నాం' అని ఉత్తరం పంపుతారు. ఆ తరువాత ఆ అభ్యర్థి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్ మోగుతుంది, ఎవరూ ఎత్తరు. అప్పుడు ఉద్యోగం ఇచ్చేవాడు ఏం చెయ్యాలి? ఎన్నిసార్లు అడగాలి, ఏమని అడగాలి, ఎప్పుడు వదిలిపెట్టాలి? ముప్ఫై ఏళ్ళకు పైగా బరంపురంలోనూ, ఛత్రపురం వైపూ సిబ్బంది వ్యవహారాలు చూసే పని చేశాను కనుక ఈ తంటా నాకు బాగా తెలుసు. మన సరిహద్దు ప్రాంతంలో నర్సింగ్ హోములు, బడులు, దుకాణాలు, చిన్న కార్ఖానాలు నడిపే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎవరికీ ఈ అనుభవం కాకుండా ఉండదు.

జరిగిన సంగతి ఒకటి చెబుతాను. దాని వెంటే మిగతా విషయం వస్తుంది.

బరంపురంలో ఓ మాదిరి ఆసుపత్రి. పేరుతో మనకు పని లేదు. అక్కడి ల్యాబులో రక్తపరీక్షలు చేసే టెక్నీషియన్ ఒకాయన మానేశాడు. ఉన్న ఇద్దరే రాత్రీ పగలూ పంచుకుని పనిచేస్తున్నారు. ఏడుగుర్ని పిలిచి చూశాం. ఇచ్ఛాపురం దగ్గర పల్లెటూరి అమ్మాయి మొదటి స్థానంలో వచ్చింది. ఛత్రపురం కుర్రవాడు రెండో స్థానంలో నిలిచాడు. అమ్మాయి అప్పటికే పలాసలో ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేస్తోంది. నెల రెండో తారీకున స్పీడ్ పోస్టులో నియామక పత్రం పంపాం. జీతం నెలకు 17,500 రూపాయలు, ఇరవయ్యో తారీకున వచ్చి చేరాలి అని అందులో ఉంది. నాలుగో తారీకున నేనే ఫోన్ చేసి ఉత్తరం వస్తోందని చెప్పాను. 'సరేనండి సార్, ఇంట్లో చెప్తాను' అంది. అంతే. అయిదో తారీకు నుంచి తొమ్మిదో తారీకు వరకు మా ఆఫీసువాళ్ళు ఆరుసార్లు ఫోన్ చేశారు. ఒక్కసారీ ఎత్తలేదు.

మా గుమాస్తా తేల్చేశాడు. 'ఆ అమ్మాయి రాదండీ. రెండో అతన్ని పిలిచేద్దాం' అన్నాడు. ఇలాంటప్పుడు నూటికి తొంభైమంది చేసే పని అదే. కాని పలకకపోవడం ఒక జవాబు కాదు. దాని వెనక నాలుగు రకాల సంగతులు ఉండవచ్చు. ఉత్తరం అసలు అందకపోయి ఉండవచ్చు. అంది, జవాబు కూడా పంపి, ఆ జవాబే దారిలో ఉండవచ్చు. ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకోలేక ఉండవచ్చు. లేదా రాకూడదని నిశ్చయించుకుని, ఆ మాట మన మొహం మీద అనలేక తప్పుకుంటూ ఉండవచ్చు. ఈ నాలుగింటికీ మనం చెయ్యవలసిన పని వేరు వేరు. ఏ రకమో తెలుసుకోకుండా పదిసార్లు ఫోన్ చేస్తే, తేల్చుకోలేనివాళ్ళు కూడా భయపడి దూరమవుతారు.

నాలుగో రకం మన ప్రాంతంలో ఎక్కువ. పెద్దవాళ్ళతో 'రాను' అనడం మనకు మర్యాద కాదు. 'చూస్తానండి' అంటాం, 'ఇంట్లో అడిగి చెప్తాను' అంటాం. పెళ్ళిచూపులకు వెళ్ళి వచ్చినవాళ్ళు నచ్చలేదని చెప్పకుండా కబురు మానేసినట్టే ఇదీను. అడిగేవాడు పెద్ద ఆఫీసరైతే మొహమాటం ఇంకా పెరుగుతుంది. కనుక అవతలివాళ్ళు 'కుదరదు' అనడానికి దారి మనమే వెయ్యాలి. ఆ దారి ఎలా వెయ్యాలో తరువాత చెబుతాను. ముందుగా ఉత్తరం సంగతి.

స్పీడ్ పోస్టు నంబరు పెట్టి చూస్తే అది అయిదో తారీకున బట్వాడా అయినట్టు కనిపించింది. సరిహద్దు దగ్గర ఉత్తరం సంగతి చూసుకోవడం అనవసరమైన చాదస్తం కాదు. బరంపురం పిన్ కోడ్ 7తో మొదలవుతుంది, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇచ్ఛాపురం పిన్ కోడ్ 5తో మొదలవుతుంది. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళు చిరునామాలో ఊరి పేరు రాసి పిన్ కోడ్ తప్పు రాయడం, మన గుమాస్తాలు అలవాటు కొద్దీ ఒడిశా అని రాయడం నేను ఎన్నోసార్లు చూశాను. సరే, ఈ ఉత్తరం మటుకు అందింది. అయితే బట్వాడా అయిందంటే ఆ ఇంటికి చేరిందని మాత్రమే అర్థం. అమ్మాయి పగలంతా పలాసలో ఉంటుంది. ఉత్తరం పుచ్చుకున్నది తండ్రి అయి ఉంటాడు. మనం రాసింది ఇంగ్లీషులో. దాన్ని ఆయన ఎవరిచేత చదివించుకున్నాడో, వాళ్ళు ఏం చెప్పారో మనకు తెలియదు.

తరువాత ఆఫీసులో వచ్చిన ఉత్తరాల రిజిస్టరు తీయించాను. ఆమె జవాబు వచ్చి ఎవరి బల్ల మీదనైనా పడి ఉందా అని. ఎందుకంటే ఇక్కడ చట్టం ఒక చిక్కు పెట్టింది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. దాని ప్రకారం మనం పంపే నియామక పత్రం ఒక ప్రతిపాదన. అవతలివాళ్ళు ఒప్పుకుంటేనే అది ఒప్పందమవుతుంది. ఒప్పుకోలు ఉత్తరం ద్వారా పంపితే, నాలుగో సెక్షను ప్రకారం, అది పోస్టులో వేసిన క్షణం నుంచి ప్రతిపాదించినవాడు దానికి కట్టుబడినట్టే. అంటే అమ్మాయి ఏడో తారీకున 'వస్తున్నాను' అని రాసి పోస్టు చేసిందనుకోండి. ఆ ఉత్తరం మనకు ఇంకా చేరలేదు, మనకు అంతా నిశ్శబ్దంగా ఉంది. అయినా మనం ఆమెకు మాట ఇచ్చేసినట్టే. ఈలోగా ఛత్రపురం కుర్రవాడికి కూడా ఉత్తరం ఇచ్చేస్తే, ఒక్క కుర్చీకి ఇద్దరు మనుషులవుతారు. కనుక రెండోవాడి దగ్గరకు వెళ్ళేముందు 'మీరు జవాబు పోస్టు చేశారా?' అని మొదటివాళ్ళను అడిగి తీరాలి.

దీనికి రెండో పక్క కూడా చెప్పాలి. కొందరు యజమానులు ఉత్తరంలో 'మీనుంచి జవాబు రాకపోతే మీరు ఒప్పుకున్నట్టే భావిస్తాం' అని రాస్తారు. అది చెల్లదు. 1862లో ఇంగ్లాండులో ఒక పెద్దాయనకూ అతని సోదరుడి కొడుక్కీ మధ్య ఒక గుర్రం బేరం కోర్టుదాకా వెళ్ళింది. నీనుంచి మాట రాకపోతే గుర్రం నాదే అనుకుంటానని పెద్దాయన రాశాడు. కుర్రవాడు మాట్లాడలేదు. ఇవ్వాలనే ఉద్దేశం అతనికి ఉంది కూడా. అయినా మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడానికి వీలులేదని కోర్టు చెప్పింది. న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఈ కేసు తెలుసు. మౌనం అర్ధాంగీకారం అని మన సామెత. కోర్టులో మాత్రం అది పావు అంగీకారం కూడా కాదు.

రిజిస్టరులో ఏమీ లేదు. ఇక మిగిలింది మనిషిని పట్టుకోవడం.

మావాళ్ళు చేసిన ఆరు ఫోన్లూ ఏ వేళప్పుడు చేశారని అడిగాను. అన్నీ పగలు పదకొండుకూ నాలుగుకూ మధ్య చేసినవే. ల్యాబులో పనిచేసేవాళ్ళు డ్యూటీలో ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఒకవేళ దగ్గర ఉన్నా, యజమాని ఎదుట నిలబడి మరో ఉద్యోగం గురించి ఎలా మాట్లాడుతుంది? పైగా మా ఫోన్లు రెండు మూడు నంబర్ల నుంచి వెళ్ళాయి. తెలియని నంబర్ల నుంచి 'మీకు ఉద్యోగం వచ్చింది' అని ఫోన్ చేసి, ఫీజు కట్టమని, డిపాజిట్టు కట్టమని మోసం చేసేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కువయ్యారు. ఊళ్ళో ఒకరు మోసపోతే చాలు, పదిమంది ఫోన్లు ఎత్తడం మానేస్తారు. అందుకని అడిగే మనిషి ఒక్కడే ఉండాలి, ఇంటర్వ్యూలో కనిపించినవాడై ఉండాలి, ఒకే నంబరు నుంచి చెయ్యాలి.

గుమాస్తా మరో ఉపాయం చెప్పాడు. 'పలాస ల్యాబుకే ఫోన్ చేసి కనుక్కుందామా?' అని. ఈ ఒక్క పని మాత్రం ఎన్నటికీ చెయ్యకూడదు. ఆమె అక్కడ ఇంకా మానేస్తానని చెప్పలేదు. మనం ఫోన్ చేసిన మరుక్షణం ఆమె ఉన్న ఉద్యోగానికి కూడా ముప్పు వస్తుంది. మనం ఇస్తామన్న ఉద్యోగం ఇంకా కాగితం మీదే ఉంది కదా. పక్కింటివాళ్ళకు చెప్పడం, సిఫారసు చేసినాయనకు ఫిర్యాదు చెయ్యడం కూడా ఇలాంటివే. అభ్యర్థి ఇచ్చిన నంబరుకు, అభ్యర్థి ఇచ్చిన చిరునామాకు మాత్రమే మనం మాట్లాడాలి.

తొమ్మిదో తారీకు రాత్రి ఏడున్నరకు నేను ఒకసారి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పదో తారీకు ఉదయం తెలుగులో ఒక సందేశం రాసి వాట్సాప్‌లో పంపాను. అదే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో కూడా పంపాను. ఆ సందేశం ఇది.

'అమ్మా, నమస్కారం. ఇంటర్వ్యూలో మీతో మాట్లాడిన ఆఫీసరును. ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం మీకు ఇస్తూ రెండో తారీకున ఉత్తరం పంపాం. అందకపోతే చెప్పండి, మళ్ళీ పంపుతాం. మీరు ఇప్పటికే జవాబు పోస్టు చేసి ఉంటే ఏ రోజు చేశారో చెప్పండి. ఉత్తరంలో ఏ షరతైనా ఇబ్బందిగా ఉంటే అడగండి. రావాలనుకుంటే పద్నాలుగో తారీకు సాయంత్రం అయిదు గంటల లోపల ఒక్క మాట రాయండి. కుదరకపోతే కుదరదని రాస్తే చాలు, కారణం చెప్పనక్కరలేదు, మేం ఏమీ అనుకోము. ఆ గడువులోగా మీ మాట రాకపోతే ఈ ఉద్యోగం మరొకరికి ఇస్తాం. ఆఫీసు నంబరు ఉత్తరం పైన ఉంది. అనుమానముంటే ఆ నంబరుకే ఫోన్ చేసి కనుక్కోండి. మేం ఎవరినీ డబ్బు అడగము.'

ఇందులో గొప్ప భాష ఏమీ లేదు. కాని ఇందాక చెప్పిన నాలుగు రకాల మౌనానికీ ఇందులో తలో తలుపు ఉంది. ఉత్తరం అందనివాళ్ళు ఒక మాట చెప్పవచ్చు. జవాబు పంపినవాళ్ళు తేదీ చెప్పవచ్చు. సందేహంలో ఉన్నవాళ్ళు అడగవచ్చు. రాలేనివాళ్ళు 'కుదరదు' అని రాసి ఊరుకోవచ్చు. కారణం అడగకపోవడం చాలా ముఖ్యం. కారణం అడిగితే వాళ్ళు అబద్ధం వెతుక్కోవాలి, అబద్ధం దొరికేదాకా మాట్లాడరు. మొదట ఇంట్లో ఎవరికో జబ్బు అంటారు, అది మరచిపోయి రెండోసారి ఇంకో మాట చెబుతారు. ఎందుకు ఆ అవస్థ?

గడువు విషయంలో తప్పు మాదే. మొదటి ఉత్తరంలో చేరవలసిన తేదీ వేశాం కాని, జవాబు ఎప్పటిలోగా ఇవ్వాలో వెయ్యలేదు. ఒప్పందాల చట్టం ఆరో సెక్షను ప్రకారం, గడువు వేస్తే ఆ గడువుతో ప్రతిపాదన రద్దవుతుంది. వెయ్యకపోతే 'సమంజసమైన కాలం' గడిచాక రద్దవుతుంది. సమంజసమైన కాలమంటే ఎన్నాళ్ళు? అది వకీళ్ళు వాదించుకునే విషయం. ల్యాబు ఉద్యోగానికి వారం కావచ్చు, కాలేజీ లెక్చరర్ ఉద్యోగానికి నెల కావచ్చు. తేదీ వేస్తే వాదనే లేదు. కేంద్ర ప్రభుత్వంలో దీనికి 1978 నుంచి స్పష్టమైన ఉత్తర్వు ఉంది. ఎన్నాళ్ళ లోపల చేరకపోతే నియామకం రద్దవుతుందో ఆ పత్రంలోనే రాయాలి. అభ్యర్థి కోరితే గడువు పొడిగించవచ్చు. కాని మొదటి పత్రం తేదీ నుంచి ఆరు నెలలు దాటితే అది దానంతటదే రద్దవుతుంది. సర్కారువారికి ఆరు నెలలు ఆగే ఓపిక ఉంటుంది. రాత్రి డ్యూటీకి మనిషిలేని ఆసుపత్రికి ఉండదు. నేను నాలుగు రోజులు ఇచ్చాను. అందులో ఒక ఆదివారం వచ్చేటట్టు చూసుకున్నాను, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి.

ఇక ఛత్రపురం కుర్రవాడి సంగతి. మన కథలో మొదటివాళ్ళ గురించి ఎంత ఆలోచిస్తామో, రెండోవాళ్ళ గురించి అంత ఆలోచించం. వాళ్ళు కూడా ఇంట్లో ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటారు. 'మీ కేసు పరిశీలనలో ఉంది' అని మాయమాట చెప్పకుండా, పన్నెండో తారీకున ఉన్నదున్నట్టు చెప్పాను. 'బాబూ, ఇది ఒకరికి ఇచ్చాం. వారికి పద్నాలుగో తారీకు దాకా గడువుంది. వారు రాకపోతే పదిహేనో తారీకు ఉదయం మీకు ఫోన్ చేస్తాను. ఈలోగా వేరే చోట దొరికితే నాకోసం ఆగకండి' అన్నాను. అతను 'మంచిదండి' అన్నాడు. మర్నాడే ఫోన్ చేసి రాయగడలో ఒకచోట చేరిపోతున్నానని చెప్పాడు. మా గుమాస్తా నావైపు ఎలా చూశాడో మీరు ఊహించుకోవచ్చు. నిజమే, అబద్ధం చెప్పి ఉంటే అతను రెండు రోజులు ఆగేవాడేమో. నిజం చెప్పినందుకు ఆ నష్టం మాకు వచ్చింది. ఇప్పుడు అమ్మాయి రాకపోతే మళ్ళీ మొదటికే.

పద్నాలుగో తారీకు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అమ్మాయి కాదు, తండ్రి. గొంతులో భయం, కొంచెం కోపం కూడా ఉంది.

'బాబూ, పిల్ల కాయితాలన్నీ మీ దగ్గర పెట్టుకుంటారని రాసేరు కదా. ఏడాది దాకా ఇవ్వరట. నాను అప్పు చేసి సదివించినాను. ఆ కాయితాలు పోతే పిల్ల గతేటి?' అన్నాడు.

ఉత్తరం తీసి చూశాను. రెండో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. అసలు సర్టిఫికెట్లు ఆఫీసులో అప్పగించాలి, సంవత్సరం సర్వీసు పూర్తయ్యాక తిరిగి ఇవ్వబడును అని. ఎవరో ఏనాడో పెట్టిన వాక్యం. ప్రతి ఉత్తరంలోనూ అచ్చవుతోంది, ఎవరూ చదవడం లేదు. మధ్యలో మానేసి పోకుండా మనిషిని కట్టిపడెయ్యడానికి కొన్ని సంస్థలు చేసే పని ఇది. దీనివల్ల మనిషి నిలబడడు. ఇలా చేరకముందే పారిపోతాడు. అసలు సర్టిఫికెట్లు చూసి, నకళ్ళతో సరిపోల్చుకుని, అప్పటికప్పుడే తిరిగి ఇచ్చెయ్యాలి. మన దగ్గర ఉండవలసినవి నకళ్ళు మాత్రమే.

ఆయనను లైనులో ఉండమని యాజమాన్యం దగ్గరకు వెళ్ళాను. ఆ వాక్యం కొట్టెయ్యడానికి పది నిమిషాలు పట్టింది. ఎన్నేళ్ళుగానో ఎంతమంది మంచి అభ్యర్థులు ఆ వాక్యం చదివి మౌనంగా తప్పుకున్నారో! వాళ్ళందరినీ మేం 'మాట నిలబెట్టుకోనివాళ్ళు' అని లెక్కలో రాసుకున్నాం.

అప్పుడు అమ్మాయి ఫోన్ తీసుకుంది. ఆమె కష్టం వేరే ఉంది. పలాస ల్యాబులో మానెయ్యాలంటే నెలరోజుల ముందు చెప్పాలి. సర్టిఫికెట్ల సంగతి తేలకుండా అక్కడ చెప్పలేదు, చెప్పకపోతే ఇరవయ్యో తారీకున చేరలేదు. 'మిమ్మల్ని ఏటని అడగాలో తెలియక ఫోన్ ఎత్తలేదు సార్' అంది. అప్పటికి మాకూ వేరే దారి లేదు. వచ్చే నెల పదహారో తారీకున చేరడానికి ఒప్పుకుని, కొత్త ఉత్తరం ఆ సాయంత్రమే పంపాం. ఈలోగా ఉన్న ఇద్దరు టెక్నీషియన్లకూ అదనపు డ్యూటీకి డబ్బు ఇవ్వవలసివచ్చింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు కూడా వినాలి. ఒప్పందాల చట్టం ఏడో సెక్షను ప్రకారం ఒప్పుకోలు షరతులు లేకుండా ఉండాలి. 'నెలాఖరులో అయితేనే చేరతాను' అని రాస్తే అది ఒప్పుకోలు కాదు, ఎదురు ప్రతిపాదన. అవతలివాళ్ళు ఒప్పుకోకపోతే ఉద్యోగం చేజారిపోవచ్చు. 'చేరడానికి నాకు ఇష్టమే. చేరే తేదీ నెలాఖరుకు మార్చడానికి వీలవుతుందా?' అని రాస్తే అది వాకబు. ఈ రెండు వాక్యాలకూ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. మౌనంగా ఉండేకంటే ఆ రెండో వాక్యం రాయడం నయం.

మరి వస్తానని ఒప్పుకుని కూడా రాకపోతే? నోటీసు పంపుతాం, కోర్టుకు ఈడుస్తాం అని బెదిరించేవాళ్ళను చూశాను. మనిషి తన స్వయంగా చేసే పనిని బలవంతంగా చేయించమని సివిలు కోర్టు ఆజ్ఞాపించదు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలో ఆ సంగతి ఉంది. నిజంగా జరిగిన నష్టం రుజువు చేస్తే పరిహారం అడగవచ్చు. ఒక ల్యాబ్ టెక్నీషియన్ రానందుకు నష్టం రుజువు చేసి, వకీలు ఫీజు ఇచ్చి, సాధించేది ఏముంటుంది?

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. మన తాతముత్తాతల కాలంలో గోపాల్‌పూర్ రేవు నుంచి స్టీమర్లు రంగూన్ వెళ్ళేవి. మేస్త్రీలు గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో పల్లెలు తిరిగి, అడ్వాన్సు చేతిలో పెట్టి కూలీలను కుదిర్చేవారు. అడ్వాన్సు పుచ్చుకుని పనికి రానివాడి మీద 1859లో చేసిన ఒక చట్టం ఉండేది. మేజిస్ట్రేటు ముందుకు రప్పించి, డబ్బయినా కట్టు, పనయినా చెయ్యి అని ఉత్తర్వు చేసేవారు. కాదంటే మూడు నెలల దాకా కఠినశిక్ష వేయవచ్చు. ఆ చట్టాన్ని 1925లో రద్దుచేశారు. చట్టం పోయి వందేళ్ళయింది. సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసేవాడి బుద్ధిలో ఆ వాసన ఇంకా పోలేదనిపిస్తుంది నాకు.

అన్ని కథలూ ఇలా ముగియవు. ఒక కార్ఖానాకు ఫిట్టరుగా తీసుకున్న కుర్రవాడు ఒకడు ఉన్నాడు. ఉత్తరం అందింది, సందేశం వెళ్ళింది, గడువు దాటింది, పలుకు లేదు. అప్పుడు కూడా ఒక పని మిగిలి ఉంటుంది, చాలామంది చెయ్యరు. ముగింపు ఉత్తరం రాయడం. 'ఫలానా తేదీన మీకు ఇచ్చిన నియామక పత్రం, ఫలానా తేదీలోగా మీ అంగీకారం అందనందున, ఇంతటితో రద్దయింది. మీ సర్టిఫికెట్ల నకళ్ళు తిరిగి పంపుతున్నాం. ముందు ముందు ఖాళీలు వచ్చినప్పుడు మీరు మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు.' మూడు వాక్యాలు. దెప్పిపొడుపు ఒక్కటి కూడా ఉండకూడదు. దాని నకలు ఫైలులో పెట్టి, పంపిన రసీదు దానికి అంటించాలి. ఆ తరువాతే రెండోవాళ్ళకు ఉత్తరం ఇవ్వాలి. ఈ వరుస తప్పకూడదు.

ఆ కుర్రవాడు అయిదు నెలల తరువాత ఆ ముగింపు ఉత్తరం పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. మన గంజాం నుంచి మరమగ్గాల పనికి సూరత్ వెళ్ళేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. ఇతనూ మేనమామ వెంట రైలెక్కేశాడు. ఉత్తరం ఇంట్లో, మనిషి అక్కడ, నంబరు మారిపోయింది. తిరిగివచ్చి, అప్పటి ఉద్యోగం ఇమ్మన్నాడు. ఆ స్థానంలో మరొకరు పనిచేస్తున్నారని చెప్పి కొత్త దరఖాస్తు తీసుకున్నాం. ముగింపు ఉత్తరం లేకపోయి ఉంటే, 'నాకు ఉద్యోగం ఇచ్చారు కదా' అని అతను వాదించేవాడు. మాకు సరైన జవాబు ఉండేది కాదు.

ఇలాంటి ఉత్తరం రాసేటప్పుడు ఒక మాట ఖాయం చేసుకోవాలి. గడువు అంటే గడువే. 'ఇదే ఆఖరి అవకాశం' అని మూడుసార్లు రాసేవాడి మాట నాలుగోసారి ఎవరూ నమ్మరు. నేను పెట్టుకున్న లెక్క చెబుతాను. వేళ చూసి రెండు ఫోన్లు, గడువుతో ఒక సందేశం, గడువుకు ముందురోజు ఒక గుర్తుచేసే మాట, ఆపైన ముగింపు ఉత్తరం. దానికి మించి వెంటపడితే అవతలివాళ్ళకు వేధింపు, మనకు చులకన. ఇది నా అనుభవం లెక్కే కాని చట్టం కాదు. పెద్ద ఉద్యోగాలకు, దూరాభారం నుంచి కుటుంబంతో రావలసినవాళ్ళకు ఇంకొంచెం ఓపిక పట్టాలి.

ఇచ్ఛాపురం అమ్మాయి పదహారో తారీకు ఉదయం తొమ్మిదికల్లా వచ్చింది. తండ్రి కూడా వచ్చాడు. సర్టిఫికెట్లు చూసి, నకళ్ళ మీద సంతకం పెట్టి, అసలువి ఆమె చేతికి ఇచ్చేశాను. ఆమె వాటిని వరండాలో బెంచీ మీద కూర్చున్న తండ్రికి ఇచ్చి ల్యాబులోకి వెళ్ళింది. ఆయన ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని, ప్లాస్టిక్ సంచీలో పెట్టి, పదిన్నర బస్సుకు ఊరికి వెళ్ళిపోయాడు.